విటమిన్ డి, ఫ్రాక్చర్లు: ఫలితాలు ఎందుకు కలవడం లేదు

విటమిన్ డి వేసుకుంటే ఎముకలు విరగడం తగ్గుతుందా అంటే కొన్ని ట్రయల్స్ అవునంటాయి, కొన్ని కాదంటాయి. 'ఫలితాలు మిశ్రమం, మరింత పరిశోధన అవసరం' అని ఒక వాక్యం రాసి దాటేయడం మామూలే. కానీ ఎవరికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎలా ఇచ్చారు అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గొడవలో చాలా భాగం గొడవే కాదు.

ముందు మనుషుల సంగతి. 1992 నాటి ఫ్రెంచ్ ట్రయల్‌లో ఉన్నది వృద్ధాశ్రమాల్లో ఉంటున్న 3,270 మంది మహిళలు, సగటు వయసు 84. రోజుకు 800 యూనిట్లు, దాంతో పాటు 1.2 గ్రాముల కాల్షియం ఇస్తే తుంటి ఫ్రాక్చర్లు బాగా తగ్గాయి. అమెరికాలో జరిగిన వైటల్ ట్రయల్ (ఫ్రాక్చర్ ఫలితాలు 2022లో వచ్చాయి) తీసుకున్నది 25,871 మందిని: 50 దాటిన మగవాళ్లు, 55 దాటిన ఆడవాళ్లు. వాళ్లను విటమిన్ లోపం చూసి ఎంచుకోలేదు, రక్తంలో సగటు స్థాయి మొదటే మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల పైన ఉంది. రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చినా తేడా రాలేదు. లోటే లేని చోట ఏం పూడుతుంది? అయితే ఒక మాట ఒప్పుకోవాలి: వైటల్‌లో స్థాయి తక్కువగా ఉన్నవాళ్లను విడిగా చూసినా లాభం కనబడలేదు. కాకపోతే నిజంగా తీవ్రమైన లోపం ఉన్నవాళ్లు అందులో చాలా కొద్దిమందే, కాబట్టి ఆ ప్రశ్నకు ఈ ట్రయల్ జవాబు చెప్పలేదు. పైగా ఫ్రెంచ్ ట్రయల్‌లో కాల్షియం కలిసి ఉంది, వైటల్‌లో విటమిన్ డితో కాల్షియం ఇవ్వలేదు, ఘనత ఎవరిదో విడదీయలేం.

మాత్రలు నిజంగా మింగారా అన్నది ఇంకో చిక్కు. 36,282 మంది మహిళలతో అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్‌లో (2006) ఇచ్చింది 400 యూనిట్లే, మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన ప్లసీబో గుంపు వాళ్లు సొంతంగా సప్లిమెంట్లు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. మొత్తం మీద తుంటి ఫ్రాక్చర్ల తేడా గణాంకాలకు నిలవలేదు, క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లలో మాత్రం 29 శాతం తగ్గాయి. దీన్ని మేం రుజువుగా లెక్కెయ్యం, ఎందుకంటే మందులు సరిగ్గా వేసుకునేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగానే ఉంటారు.

డోసు పద్ధతి దగ్గరికి వస్తే ఫలితం తలకిందులే అయింది. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది మహిళలకు ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే (2010) పడిపోవడాలూ పెరిగాయి, ఫ్రాక్చర్లూ పెరిగాయి. పడిపోవడాలు డోసు తర్వాతి మూడు నెలల్లో మరీ ఎక్కువ. దీన్ని రోజువారీ డోసు ట్రయల్స్‌తో కలిపి సగటు తీయడంలో అర్థం లేదు, అందుకే దీన్ని విడిగా చూస్తున్నాం.

ఇంత చెప్పినా లొంగనిది ఒకటి మిగిలింది. 2003 బ్రిటిష్ ట్రయల్‌లో నాలుగు నెలలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చారు, అదీ కాల్షియం లేకుండా, అయినా ఫ్రాక్చర్లు 22 శాతం తగ్గాయి. పెద్ద డోసు, సమాజంలో మామూలుగా తిరుగుతున్న మనుషులు, పై తర్కం ప్రకారం ఇది పనిచేయకూడదు. దీనికి మా దగ్గర వివరణ లేదు, బలవంతంగా ఏదో ఒక గూటిలో ఇరికించడం కన్నా పొసగని ఫలితంగానే చూపిస్తున్నాం.