3వ నంబర్ పంపు మోటార్ రిలే సెట్టింగ్స్, 6.6 కెవి, 900 కిలోవాట్

తమ్ముళ్ళూ, రేపు పొద్దున సైట్‌కి పోయి రిలేలో ఎక్కించాల్సిన సెట్టింగ్స్ ఇవి. ముందే చెప్తున్నా, 1, 2 పంపుల ఫైల్ కాపీ కొట్టి 3లో వేయొద్దు, అవి పాత మోటార్లు, ఇది కొత్తది, స్టాల్ టైమే వేరు.

నేమ్ ప్లేట్, డేటా షీట్‌లో ఉన్నవి ఇవి: ఫుల్ లోడ్ కరెంట్ 94 ఆంప్స్, 4 పోల్, 1485 ఆర్పీఎం, డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్ట్, స్టార్టింగ్ కరెంట్ 6 రెట్లు అంటే 564 ఆంప్స్. స్టార్ట్ అవ్వడానికి ఫుల్ వోల్టేజ్‌లో 5.5 సెకన్లు, 80 శాతం వోల్టేజ్‌లో 9 సెకన్లు. రోటర్ లాక్ అయితే మోటార్ వేడిగా ఉన్నప్పుడు 12 సెకన్లు, చల్లగా ఉంటే 17 సెకన్లు తట్టుకుంటుంది. సిటీ 150/1, కాబట్టి 94 ఆంప్స్ అంటే రిలే వైపు 0.627 ఆంప్స్. స్టార్టింగ్ టైం 5.5 అనేది డెలివరీ వాల్వ్ మూసి స్టార్ట్ చేస్తేనే, తెరిచి చేస్తే ఈ లెక్కలన్నీ పోతాయి, ఆ ఇంటర్‌లాక్ పని చేస్తుందో లేదో చూసాకే స్టార్ట్ ఇవ్వండి.

```
CT            150/1 A
FLC           94 A   (0.627 A sec)
49  pickup    1.05 x FLC = 99 A (0.66 A sec)
    tau run   25 min
    tau start 450 s
    tau stop  100 min
    p         40 %
    K (I2)    5
    alarm     90 %
    restart inhibit  50 %
48  start     6.0 x FLC, 7.5 s, mode I2t
51LR jam      2.5 x FLC, 3 s, blocked in start
46  alarm     15 % FLC, 20 s
46-1 trip     25 % FLC, 8 s
46-2 trip     50 % FLC, 3 s
```

ఇప్పుడు థర్మల్ ఓవర్‌లోడ్ గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే గొడవంతా ఇక్కడే. సర్వీస్ ఫ్యాక్టర్ 1.0 కాబట్టి పికప్ 1.05 దగ్గర పెట్టా, అందులో ఆలోచించేదేం లేదు. టైం కాన్‌స్టెంట్ దగ్గరే చాలామంది పడిపోతారు. నేనూ పడ్డా ఒకసారి, వేరే స్టేషన్‌లో, డేటా షీట్‌లో 28 నిమిషాలు అని ఉంటే అదొక్కటే వేసి ఊరుకున్నా, స్టాల్ అయితే ఎంతసేపటికి ట్రిప్ అవుతుందని లెక్క చూడనే లేదు. తర్వాత చూస్తే కోల్డ్‌లో 52 సెకన్లు వచ్చింది, అంత సేపుంటే రోటర్ బార్లు మిగలవు. అదృష్టం బాగుండి స్టాల్ అవ్వలేదు అంతే. స్టేటర్ మొత్తం మెల్లగా వేడెక్కే టైం వేరు, స్టార్టింగ్‌లో రోటర్ వేడెక్కే టైం వేరు, అందుకే రిలేలో రెండు వేర్వేరుగా ఇస్తారు. లెక్క ఇది:

```
t = tau * ln( (k^2 - a) / (k^2 - 1) )
k = I / 99,  a = ముందున్న థర్మల్ స్టేట్
```

స్టాల్ కరెంట్‌లో k 5.7, స్క్వేర్ చేస్తే 32.45. చల్లటి మోటార్‌కి 450 సెకన్ల కాన్‌స్టెంట్‌తో 14.1 సెకన్లకి ట్రిప్, 17 లోపలే. ఫుల్ లోడ్‌లో నడిచిన మోటార్‌కి థర్మల్ స్టేట్ 36 శాతం చూపిస్తుంది (ఆ p 40 శాతం వల్ల, అది లేకపోతే 90 చూపించి హాట్ స్టార్ట్‌లో రెండు సెకన్లు కూడా ఆగదు), అప్పుడు 9 సెకన్లకి ట్రిప్, 12 లోపలే, 5.5 పైనే. 80 శాతం వోల్టేజ్‌లో హాట్ స్టార్ట్‌కి 14.3 సెకన్లు ఆగుతుంది, స్టార్ట్ 9లో అయిపోతుంది, సరిపోయింది. 120 శాతం లోడ్‌లో హాట్‌గా దాదాపు 29 నిమిషాలకి ట్రిప్, మోటార్ కర్వ్‌లో 40 ఉంది.

రీస్టార్ట్ ఇన్‌హిబిట్ 50 ఎందుకంటే ఒక కోల్డ్ స్టార్ట్ 39 శాతం తినేస్తుంది, దాని మీద 10 మార్జిన్ పెట్టా. అంటే చల్లగా ఉంటే వెంటవెంటనే రెండు స్టార్ట్‌లు, వేడిగా ఉంటే ఒకటి, మోటార్ వాళ్ళు ఇచ్చిందీ అదే. హాట్ స్టార్ట్ తర్వాత ఆపితే 75 శాతం దగ్గర ఉంటుంది, 50కి దిగాలంటే 40 నిమిషాలు పడుతుంది. అంతసేపు నీళ్ళు ఆగితే పైనుంచి ఫోన్లు వస్తాయి, అప్పుడు ఎవరో ఒకరు మెమరీ రీసెట్ కొట్టేస్తారు, ఇది నాకు తెలిసిన విషయమే. అందుకే రీసెట్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, స్టాండ్‌బై పంపు మార్చుకోమని షిఫ్ట్ వాళ్ళకి చెప్పండి. ఇంకోటి, మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది, కరెంట్ మీద నడిచే మోడల్‌కి గది వేడి తెలియదు, వైండింగ్‌లో పీటీ100లు ఉన్నాయి కదా, అలారం 120 డిగ్రీలు, ట్రిప్ 130 అవే ఉంచండి.

లాక్డ్ రోటర్‌కి రెండు మెట్లు. స్టార్టింగ్‌లో అయితే ఐ స్క్వేర్ టీ మోడ్, 564 ఆంప్స్ దగ్గర 7.5 సెకన్లు. మామూలు ఫిక్స్‌డ్ టైమర్ ఎందుకు పెట్టలేదంటే ఫుల్ వోల్టేజ్‌లో స్టాల్ అయితే 12 లోపు కొట్టాలి, తక్కువ వోల్టేజ్‌లో 9 సెకన్లు ఆగాలి, 10 సెకన్ల టైమర్ పెడితే రెండు వైపులా ఒకటి, రెండు సెకన్లే మిగులుతాయి. ఐ స్క్వేర్ టీ అయితే 80 శాతం వోల్టేజ్‌లో దానంతటదే 11.7 సెకన్లకి జరుగుతుంది. మోటార్ నడుస్తుండగా పంపులో ఏదన్నా ఇరుక్కుంటే 51LR, 235 ఆంప్స్ పైన 3 సెకన్లు. రెండు సెకన్లు చాలు గాని, లైన్‌లో డిప్ వచ్చి పోయాక మోటార్ మళ్ళీ స్పీడ్ ఎత్తుకునేటప్పుడు కరెంట్ గుంజుతుంది, దానికి అనవసరంగా పడొద్దని 3 పెట్టా. షార్ట్ సర్క్యూట్, ఎర్త్ ఫాల్ట్ వేరే షీట్‌లో ఉన్నాయి, వాటిని ముట్టుకోకండి.

ఫేజ్ అన్‌బ్యాలెన్స్‌ని చిన్నగా చూడొద్దు. వోల్టేజ్‌లో 1 శాతం నెగటివ్ సీక్వెన్స్ ఉంటే కరెంట్‌లో దాదాపు 6 శాతం వస్తుంది, స్టార్టింగ్ కరెంట్ ఎన్ని రెట్లో అన్ని రెట్లు అన్నట్టు. 2 శాతం వోల్టేజ్ తేడాకే 12 శాతం, అందుకే అలారం 15 దగ్గర. ఈ కరెంట్ రోటర్‌లో దాదాపు 100 హెర్ట్జ్‌తో తిరుగుతుంది, బార్ల పైభాగంలోనే పోతుంది, వేడి మామూలు కంటే చాలా ఎక్కువ, ఆంప్స్ చూస్తే మాత్రం ఏమీ లేనట్టే ఉంటుంది. థర్మల్‌లో K 5 పెట్టింది కూడా దీనికే, 175ని 36తో భాగిస్తే 4.9 వచ్చింది, రౌండ్ చేశా. ఒక ఫేజ్ పోతే నెగటివ్ సీక్వెన్స్ లైన్ కరెంట్‌లో 58 శాతం ఉంటుంది కాబట్టి 50 శాతం మెట్టు 3 సెకన్లకి పట్టేస్తుంది. స్టార్ట్‌లో కూడా దాన్ని బ్లాక్ చేయొద్దు.

టెస్టింగ్‌లో మూడు ఫేజుల్లో 3.76 ఆంప్స్ ఎక్కిస్తే 7.5 సెకన్లకే 48 పడుతుంది, థర్మల్ చెక్ చేయాలంటే 48ని ఆపి, మెమరీ జీరో చేసి మళ్ళీ ఇవ్వండి, 14.1 రావాలి. అన్‌బ్యాలెన్స్‌కి ఒకే ఫేజ్‌లో ఇవ్వండి, రిలే అందులో మూడో వంతే ఐ2గా చూస్తుంది: 0.6 ఆంప్స్‌కి 8 సెకన్లు, 1.2 ఆంప్స్‌కి 3 సెకన్లు. అయిపోయాక 48ని మళ్ళీ ఆన్ చేసి సెట్టింగ్ ఫైల్ రిలే నుంచే దించి పంపండి, కాగితం మీద రాసింది కాదు. ఫస్ట్ స్టార్ట్ ఇచ్చినప్పుడు డిస్టర్బెన్స్ రికార్డ్ కూడా కావాలి, 5.5 సెకన్లు నిజంగానే వస్తుందో లేదో దాంట్లో తెలుస్తుంది, 6.5 దాటితే 48 సెట్టింగ్ మార్చకుండా ముందు నాకు ఫోన్ చేయండి.