అదనపు పద్దు

మధురవాడలో కొనదలచిన రెండు పడకగదుల ఫ్లాటుకు 42 లక్షల రూపాయల గృహరుణం మంజూరైందని బ్యాంకు నుంచి కబురు రాగానే, సంతకాల రోజుకు ముందే పత్రాల నకలు ఇంటికి ఇవ్వాలని హారిక పట్టుబట్టింది. ఆమె విశాఖ పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో లెక్కలు చూస్తుంది; సరుకు మీద పడే ప్రతి రుసుముకూ రసీదు జతపడనిదే అక్కడ బిల్లు ముందుకు కదలదు.

ఆదివారం పొద్దున, పరవాడ ఫార్మా సిటీలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన భర్త కిరణ్ కాసేపు నిద్రపోయి లేచాక, ఇద్దరూ చాప పరచుకొని కూర్చున్నారు. అతను చదువుతుంటే ఆమె పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. ఫ్లాటు హద్దులు, అవిభాజ్య స్థలం వాటా సరిగానే ఉన్నాయి. వడ్డీ 8.5 శాతం, చలన రేటు, గడువు 20 ఏళ్లు. రుణం షరతులనూ రుసుములనూ ఒకచోట చూపే ముఖ్యాంశాల పత్రంలో ప్రాసెసింగ్ ఫీజు 10,000, దానిపై జీఎస్టీ 1,800, న్యాయాభిప్రాయానికీ ఆస్తి మదింపుకూ కలిపి 5,000 అని ఉంది. ఆ మొత్తాలన్నీ వాళ్లు అప్పటికే చెల్లించారు.

చివర జతచేసిన వాయిదాల పట్టిక దగ్గర హారిక పెన్సిలు ఆగింది. మొదటి వరుసలో అసలు 42,17,700 రూపాయలని ఉంది.

"అచ్చుతప్పేమో," అన్నాడు కిరణ్.

"కాదండీ. 15,000కు 18 శాతం జీఎస్టీ 2,700. రెండూ కలిపితే సరిగ్గా 17,700. ఎవరో లెక్క కట్టే కలిపారు."

ఆ రుసుము పేరు దొరకడానికి మధ్యాహ్నం దాటింది. ఒప్పందం అనుబంధంలో, ఆస్తి బీమా షరతుల మధ్య, బ్యాంకు ఎప్పటికప్పుడు నిర్ణయించే పత్రాల నిర్వహణ రుసుమును అసలుకు కలుపుకొనే అధికారం బ్యాంకుకు ఉంటుందని ఒకే ఒక వాక్యం ఉంది. మొత్తం ఎంతో అందులో లేదు. ముఖ్యాంశాల పత్రంలో ఆ పేరే లేదు.

కిరణ్‌కు దిగులు పట్టుకుంది. ఫ్లాటు యజమానికి 3 లక్షలు బయానా ఇచ్చారు, రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడుతోంది, ఈ రుసుము దగ్గర పేచీ పెట్టుకుంటే రుణమే ఆగిపోతుందేమోనని అతని భయం. హారిక ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేదు. కాగితం తిప్పి, నెల వాయిదా 36,449 రూపాయలు ఉండవలసింది 36,602 అయిందని, తేడా 153 రూపాయలేనని, కాని 240 నెలలకు అది 36,720 అవుతుందని రాసి చూపించింది.

సోమవారం ద్వారకానగర్ శాఖలో రుణాల అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "ఇది సిస్టమ్ దానంతట అదే కలిపే పద్దు మేడమ్. మా దగ్గర అందరూ కడుతున్నదే."

"అందరూ కడుతున్నారని నేను కాదనను సార్. కాని మీరిచ్చిన ముఖ్యాంశాల పత్రంలో ఇది లేదు. అందులో లేని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదని 2024 ఏప్రిల్ 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త గృహరుణాలన్నిటికీ అవి వర్తిస్తాయి. మేము సమ్మతి ఇవ్వలేదు."

అధికారి లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. ఈ రోజుకు సంతకాలు కానివ్వమని, ఆ మొత్తాన్ని తరువాత ఖాతాలో జమ చేయిస్తామని అన్నాడు. హారిక భర్త వైపు చూసింది. రాత్రంతా సరిగా నిద్రపోని కిరణ్, కలాన్ని బల్ల మీద పెట్టి, "వద్దండీ. పట్టిక మార్చి ఇచ్చాకే సంతకం చేస్తాం. ఆ యజమానితో గడువు గురించి నేను మాట్లాడుకుంటాను," అన్నాడు.

అభ్యంతరాన్ని అక్కడే ఒక అర్జీగా రాసి, నకలు మీద శాఖ ముద్రా తేదీ వేయించుకున్నారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తామని అందులో చివరి వాక్యంగా రాసింది హారిక. ఫ్లాటు యజమాని సణిగినా, వారం రోజులు ఆగడానికి ఒప్పుకున్నాడు.

గురువారం సవరించిన పత్రాలు వచ్చాయి. అసలు 42,00,000, నెల వాయిదా 36,449. అనుబంధంలోని ఆ వాక్యాన్ని కొట్టివేసి, పక్కన మేనేజరు సంతకం చేశాడు. మిగతా పేజీల్లో మరేదీ మారలేదని రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి సరిచూశాకే ఇద్దరూ సంతకాలు చేశారు.

బయటికి రాగానే కిరణ్ ఫోను తీశాడు. అతనితో పనిచేసే స్నేహితుడొకడు కిందటి ఏడాది ఇదే శాఖలో రుణం తీసుకొని గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు.

"నీ రుణం కాగితాలు ఎక్కడున్నాయిరా? సాయంత్రం తీసి ఉంచు. హారికా నేనూ వస్తున్నాం. ముందు వాయిదాల పట్టికలో మొదటి వరుస చూడు."