రేపటి బతుకమ్మ కార్యక్రమం రద్దు: డబ్బులు, పూలు, డ్రెస్సులు, బస్సుల సంగతి

అందరికీ నమస్తే. ముందు అసలు విషయం. రేపు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మన గ్రౌండులో జరగాల్సిన బతుకమ్మ కార్యక్రమం రద్దయింది. వాయిదా కాదు, రద్దు. ఎల్లుండి నుంచి దసరా సెలవులు, సెలవుల నుంచి రాగానే ఇంటర్నల్స్. పండగ దాటాక బతుకమ్మ ఆడటం ఎట్లాగూ కుదరదు. అందుకే "మళ్లీ ఎప్పుడు" అన్న ఆశ పెట్టడం లేదు.

ఈ రోజు పదకొండింటికి "కార్యక్రమం ఖాయం, ఎవరూ టెన్షన్ పడొద్దు" అని మెసేజ్ పెట్టింది నేనే. సాయంత్రం ఆరున్నరకు రద్దని రాస్తున్నదీ నేనే. కోపం రావడం సహజం. నిన్న రాత్రి వానకే గ్రౌండు సంగతి చూసి, ఖాయం అనకుండా ఉండాల్సింది. ఆ తొందర కమిటీది, మన్నించండి.

ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి రకరకాల మాటలు తిరుగుతున్నాయి. కరెంట్ షాక్ కొట్టి ఒకబ్బాయిని ఆస్పత్రికి తీసుకుపోయారన్నది నిజం కాదు. ఎవరికీ ఏమీ కాలేదు. రెండున్నర ప్రాంతంలో స్టేజీ దగ్గర సీరియల్ లైట్లు కడుతుంటే, సెకండియర్ అబ్బాయి ఒకరు ఇనుప పైపు పట్టుకున్నారు. చెయ్యి జిల్లుమంది. వెంటనే వదిలేశారు. బాగానే ఉన్నారు, నాలుగింటికి మాతోనే టీ తాగారు. అప్పుడే మెయిన్ ఆపించి, కాలేజీ ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాం. లైన్ మళ్లీ ఇచ్చి ఆయన టెస్టర్ పైపుకు ఆనించగానే లైటు వెలిగింది. ఆ పక్క పైపుకు పెట్టినా వెలిగింది. వైరు జాయింట్లకు టేపు చుట్టి నేల మీదే వదిలేశారు, ఆ నేల మీద చీలమండల దాకా నీళ్లు. వేపచెట్టు కింద మన గ్రౌండు పల్లమని మనకందరికీ తెలుసు, నీళ్లు బయటికి పోవు. ఆ తడిలో చెప్పులు విప్పి, పట్టుచీరలు కట్టుకుని, రెండొందల మంది గుండ్రంగా తిరగడం అనే మాట తలుచుకుంటేనే ఒళ్లు జలదరించింది.

ప్రిన్సిపల్ సార్ వచ్చి చూశారు. రేపటికి జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ కూడా ఉంది. అయిదు నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది. నిజం చెప్పాలంటే మాలో ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

"సెమినార్ హాల్లో పెట్టొచ్చు కదా" అని ఇప్పటికే పదిమంది అడిగారు. హాల్లో కుర్చీలు తీసేసినా నూట ఇరవై మంది పడతారు, తలుపు ఒక్కటే. పేరిచ్చిన వాళ్లం 212 మందిమి, పైగా అమ్మలు వస్తున్నారు. "మైకు, లైట్లు లేకుండా గ్రౌండులోనే ఆడదాం, మన అమ్మమ్మలు మైకుతో ఆడారా" అని ఇంకొకరు అన్నారు. మాట బాగుంది, నాకూ నచ్చింది. కానీ రేపు పొద్దుటికి ఆ బురద ఆరదు.

రేపు అట్ల బతుకమ్మ, ఎల్లుండి అలిగిన బతుకమ్మ. అలక ఒకరోజు ముందే వచ్చిందని తెలుగు మేడమ్ అన్నారు. సాయంత్రం మేం నవ్వింది అప్పుడొక్కసారే.

ఇక ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. రేపు మీ అమ్మనో, చెల్లెనో, పెద్దమ్మనో రమ్మని చెప్పి ఉంటే ఇప్పుడే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఫోనే చేయండి. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డు చేతపట్టుకుని పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కేస్తారు. దేవరకొండ నుంచో, మునుగోడు నుంచో తల మీద సిబ్బి పెట్టుకుని, వానలో తడుస్తూ గేటు దాకా వచ్చాక "లేదమ్మా" అని చెప్పాల్సి వస్తే మాకు మొహం చెల్లదు. అయినా ఎవరైనా వస్తే, గేటు దగ్గర పన్నెండు నుంచి నాలుగు దాకా మా కమిటీ వాళ్లు ఇద్దరుంటారు. లైబ్రరీ వరండాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, బస్సెక్కించి వస్తారు. పాటలు పాడటానికి రావాల్సిన పెద్దమ్మలకు సాయంత్రమే చెప్పేశాం. "వాన దేవుడు కూడా ఆడాలె కదా బిడ్డా" అన్నారు, అంతే.

రాత్రి ఎనిమిది దాకా కాలేజీలో ఉంటామని ఇంట్లో చెప్పిన వాళ్లు ఆ సంగతి కూడా సరిచేసి చెప్పండి. కార్యక్రమం కోసం మాట్లాడిన రెండు బస్సులు రావు. రేపు క్లాసులు మాత్రం ఉన్నాయి, పన్నెండున్నర వరకు. తర్వాత మామూలు బస్సుల్లోనే ఇళ్లకు వెళ్లండి. వాన గట్టిగా ఉండి మీ ఊరి వాగు దాటడం కష్టమైతే రావొద్దు. అట్లాంటి వాళ్లు క్లాస్ లీడర్‌కు ఒక్క మాట చెబితే చాలు, ఆబ్సెంట్ వేయరు, సార్ ఒప్పుకున్నారు. హాస్టల్ అమ్మాయిలు సెలవులకు రేపే బయల్దేరొచ్చు. ఇంటి నుంచి వార్డెన్ మేడమ్‌కు ఫోన్ వస్తే పొద్దున పదింటి నుంచి అవుట్‌పాస్ ఇస్తారు.

డబ్బుల సంగతి. ఒక్కొక్కరి దగ్గర 150 చొప్పున 212 మంది దగ్గర 31,800 వసూలైంది. తిరిగిరాని ఖర్చు ఇది: టెంటు వాళ్లకు నాలుగు వేలు అడ్వాన్స్ ఇస్తే రెండు వేలు వాపసు ఇచ్చారు, కాబట్టి అక్కడ 2,000 పోయింది. బంతి, చామంతి, గునుగుకు వేసే రంగులు కలిపి 1,740. ఆటో 600. బహుమతుల స్టీలు డబ్బాలు 3,200, షాపతను వెనక్కి తీసుకోనన్నాడు. మొత్తం 7,540. వంట మాస్టర్‌కు ఇచ్చిన అడ్వాన్స్ పూర్తిగా వచ్చేసింది, ఆయన ఇంకా సరుకులు కొనలేదు. ఆయనకు థాంక్స్. అంటే చేతిలో 24,260 ఉంది. అందరికీ 110 చొప్పున తిరిగి ఇస్తే 23,320 అవుతుంది, 940 మిగులుతుంది. ఆ 940, స్టీలు డబ్బాలు స్టాఫ్ రూం బీరువాలో ఉంటాయి, సంక్రాంతి ముగ్గుల పోటీకి వాడతాం. బిల్లుల ఫొటోలన్నీ రేపు సాయంత్రం పెడతాను. లెక్కలో ఎక్కడైనా తేడా అనిపిస్తే అందరి ముందే అడగండి, ఏమీ అనుకోం.

ఫోన్‌పే, గూగుల్‌పే చేసిన వాళ్లకు అదే నంబర్‌కు రేపు సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి లోపు పడతాయి. మీరు చేయాల్సింది ఏమీ లేదు. చేతికి ఇచ్చిన వాళ్లు రేపు క్లాస్ లీడర్ దగ్గర సంతకం పెట్టి తీసుకోండి. రేపు రాని వాళ్లవి సెలవుల తర్వాత ఇస్తాం, ఎక్కడికీ పోవు. ఒక జాగ్రత్త: "బతుకమ్మ రీఫండ్" అని లింకు వచ్చినా, క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది మేం కాదు. డబ్బులు మనకు రావాలంటే పిన్ కొట్టే పనే ఉండదు, మన దగ్గర నుంచి పోవాలంటేనే కొట్టాలి. పోయిన ఏడాది ఒక సీనియర్‌కు ఇట్లాగే ఫీజు వాపసు పేరుతో రెండు వేలు పోయాయి.

డాన్సు కోసం లంగావోణీలు అద్దెకు తెచ్చుకున్న పద్నాలుగు మంది రేపు మధ్యాహ్నం లోపు షాపులో ఇచ్చేయండి. కట్టుకోకపోతే అద్దె తీసుకోనని షాపామె ఒప్పుకుంది. కాబట్టి ఫొటోల కోసం ఒక్కసారి కట్టుకుందామనే ఆలోచన దయచేసి మానుకోండి. నాకు తెలుసు, ఆ ఆలోచన ఇప్పటికే ఇద్దరికి వచ్చింది.

ఇక పూలు. అసలు బాధంతా ఇక్కడే. పానగల్ వైపు చేలగట్ల మీద బుధవారం పొద్దున అయిదింటికే వెళ్లి అబ్బాయిలు మూడు సంచుల గునుగు, ఒక సంచి తంగేడు కోసుకొచ్చారు. నిన్నంతా హాస్టల్ అమ్మాయిలు గునుగును సమానంగా కత్తిరించి, కట్టలు కట్టి, గులాబీ, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో ముంచి ఆరేశారు. వాళ్ల చేతివేళ్లు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి. ఒకరైతే ఆ వేళ్లతోనే ల్యాబ్ రికార్డు రాసి మేడమ్‌తో తిట్లు కూడా తిన్నారు. ఆ పని వృథా పోనివ్వం. తంగేడు రేపటికే రాలిపోతుంది, అందుకే ఈ రాత్రి హాస్టల్ మెస్ హాల్లో చిన్న బతుకమ్మ ఒకటి పేరుస్తారు. బయటి లైట్లు లేవు, సౌండ్ బాక్సులు లేవు, హాస్టల్ వాళ్లు మాత్రమే. ఈ మాట చదివి ఊళ్ల నుంచి బయల్దేరకండి. రంగు వేసిన గునుగు నాలుగైదు రోజులైనా బాగానే ఉంటుంది. రేపు పది నుంచి పన్నెండు దాకా బోటనీ ల్యాబ్ బయట కట్టలు పెడతాం, కావలసిన వాళ్లు ఇంటికి తీసుకెళ్లండి. మంగళవారం సద్దుల బతుకమ్మకు మీ ఇంట్లో మీ కాలేజీ గునుగు ఉంటుంది. మనిషికి రెండు కట్టలే, ముందు వచ్చిన వాళ్లు సంచి నింపుకుపోవద్దు. రంగులు వేసిన అమ్మాయిలకు మాత్రం నాలుగేసి, దాని మీద చర్చ లేదు.

ఈ రాత్రి పేర్చిన బతుకమ్మను హాస్టల్ వెనకాల సంపులో కలుపుతారు. కొందరు ఉదయసముద్రం దాకా బైకుల మీద తీసుకుపోదామంటున్నారు. వద్దు. చెరువు నిండుగా ఉంది, కట్ట మీద చీకటి, మెట్లు పాకురు పట్టి జారుతున్నాయి. దీని మీద ప్రిన్సిపల్ సార్ గట్టిగానే చెప్పారు, నేను మెత్తగా రాస్తున్నాను.

రేపు గ్రౌండులోకి ఎవరూ వెళ్లకండి. మెయిన్ ఆపేసి ఉంది, అయినా స్టేజీ, పైపులు విప్పేదాకా ఆ వైపు పోవద్దు. సైకిల్ స్టాండుకు లైబ్రరీ పక్క దారిలో తిరిగి రండి. టెంటు విప్పడానికి ఎనిమిదింటికి మనుషులు వస్తారు, సాయం చేస్తామని ముందుకొచ్చిన వాళ్లకు థాంక్స్, కానీ ఎలక్ట్రీషియన్ అన్న సరే అన్నాకే చెయ్యి వేయండి.

ఇంకేమైనా అడగాలనుకుంటే మీ క్లాస్ లీడర్‌ను అడగండి. వాళ్లకు తెలియనిదైతే నాకు ఫోన్ చేయండి, పదిన్నర దాకా ఎత్తుతాను. ఆ తర్వాత గునుగు కట్టలు లెక్కపెట్టాలి.

కల్చరల్ కమిటీ తరఫున,
బీఎస్సీ ఫైనలియర్
గురువారం, సాయంత్రం 6:40