మీటరులో 640 కిలోమీటర్లు, యాప్‌లో 371: విజయనగరం డెలివరీ రైడర్ల సంపాదనపై ఒక పరిశీలన

విజయనగరం: పొద్దున్నే బండి తీసే ముందు ఒకసారి, అర్ధరాత్రి ఇంటికి చేరాక ఇంకొకసారి అతను బండి మీటరును ఫోనులో ఫొటో తీసుకుంటాడు. ఈ అలవాటు రెండు నెలల కిందట ఇంట్లో జరిగిన తగువు వల్ల వచ్చింది. వారమంతా తిరిగి ఇంట్లో ఇంతేనా ఇస్తావని తండ్రి నిలదీస్తే, డబ్బు ఎక్కడికి పోతోందో తనకే తెలియక అతను ఫొటోలు తీయడం, పెట్రోలు బంకు చీటీలు దాచడం మొదలుపెట్టాడు. వయసు 29. ఐటీఐ చదివాడు. నాలుగేళ్లుగా ఒక ఆహార డెలివరీ యాప్‌లో పనిచేస్తున్నాడు. ఐడీ బ్లాక్ అవుతుందన్న భయంతో పేరు గాని యాప్ పేరు గాని రాయవద్దని కోరాడు. ఈ కథనంలో మాట్లాడిన నలుగురు రైడర్లదీ అదే షరతు.

ఆ నలుగురూ గత 8 వారాల పేఅవుట్ వివరాలను తమ ఫోన్లలోనే మాకు చూపించారు. నలుగురి లెక్కతో పట్టణంలోని రైడర్లందరి సంగతి చెప్పలేం. ఇది సర్వే కాదు. అయితే యాప్‌లో కనబడే అంకెలకూ చేతికి మిగిలే డబ్బుకూ మధ్య దూరం ఎక్కడ పుడుతోందో చూపడానికి ఈ చీటీలూ ఫొటోలూ సరిపోతాయి.

మీటరు ఫొటోలు తీసిన రైడరు లెక్కలో ఒక వారం తీసుకుందాం. ఆరు రోజులు పనిచేశాడు, లాగిన్‌లో ఉన్న సమయం 61 గంటలు, చేరవేసిన ఆర్డర్లు 118. ఆర్డర్ల మీద వచ్చింది 3,304 రూపాయలు, అంటే సగటున ఆర్డరుకు 28. టార్గెట్లు అందుకున్నందుకు ఇన్సెంటివ్ 650, వాన పడిన సాయంత్రం అదనంగా 72 కలిపి మొత్తం 4,026 రూపాయలు. టిప్పులు 60 రూపాయలు వచ్చాయి గాని అవి కంపెనీ ఇచ్చినవి కావు కాబట్టి కలపలేదు. ఈ లెక్కన లాగిన్‌లో ఉన్న గంటకు 66 రూపాయలు పడింది.

ఇక ఖర్చు. ఆ వారం యాప్ అతని ఖాతాలో చూపిన దూరం 371 కిలోమీటర్లు కాగా, బండి మీటరు ప్రకారం తిరిగింది 640. ఆరు బంకు చీటీల మొత్తం 1,550 రూపాయలు. అది తీసేస్తే మిగిలేది 2,476, అంటే గంటకు 40 రూపాయల చిల్లర. బండి ఈఎంఐ, ఇంజనాయిలు, టైర్లు, ఫోను రీచార్జి ఇందులో లెక్కించలేదు.

ఆ 269 కిలోమీటర్ల తేడా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ఒక మధ్యాహ్నం అతని వెనకే మరో బండిపై వెళ్లాం. బాలాజీ జంక్షన్ దగ్గర ఉండగా రింగురోడ్డు వైపున్న ఒక హోటలు నుంచి ఆర్డరు పడింది. 1.8 కిలోమీటర్లు వెళ్లడానికి 8 నిమిషాలు పట్టింది. అక్కడ బిర్యానీ దమ్ము ఇంకా దిగలేదని కౌంటరు దగ్గర 17 నిమిషాలు నిలబెట్టారు. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నా రైడర్లు బయట మెట్ల మీదే కూర్చోవాలన్నది ఆ హోటలు పద్ధతి. పొట్లం చేతికొచ్చాక ద్వారపూడిలోని జేఎన్‌టీయూ హాస్టళ్ల వైపు 5.1 కిలోమీటర్లు, 14 నిమిషాలు. విద్యార్థి గేటు దగ్గరికి వచ్చి తీసుకున్నాడు, ఫోనులో 46 రూపాయలు జమైనట్టు కనిపించింది. ఆ చుట్టుపక్కల మరో ఆర్డరు పడే అవకాశం లేదు. అందుకని ఖాళీగా పట్టణంలోకి తిరిగి రావడానికి ఇంకో 5 కిలోమీటర్లు, మరో 14 నిమిషాలు. మొత్తం 53 నిమిషాల్లో 46 రూపాయలు వచ్చాయి. ఆ వారం పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు సుమారు 2 రూపాయల 40 పైసలు పడింది కనుక, ఈ ఒక్క ఆర్డరు మీద పెట్రోలుకు పోయింది 28 రూపాయలు దాటింది.

"తిరిగొచ్చేటప్పుడు నా బండి గాలికి నడవదు కదండీ" అన్నాడు అతను, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెడుతూ.

పెద్ద నగరంలో ఆర్డరు దింపిన చోటే, లేదా ఒకటి రెండు వీధుల అవతలే మరొకటి పడుతుంది. విజయనగరంలో హోటళ్లు ఎక్కువగా ఆర్టీసీ కాంప్లెక్సు, రింగురోడ్డు, మయూరి జంక్షన్ చుట్టూనే ఉండడం, కొత్త కాలనీలూ కాలేజీలూ మాత్రం పట్టణం అంచుల్లో ఉండడం వల్ల వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా తిరగక తప్పదు. జాతీయ సగటుల్లో ఈ ఊరి సంగతి కనబడదు.

ఆ సగటులంటే ఏమిటో కూడా చెప్పాలి. 2025 డిసెంబరు 31న గిగ్ కార్మికులు చేసిన సమ్మె తరువాత జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ కొన్ని అంకెలను బహిరంగంగా ప్రకటించారు. 2025లో తమ డెలివరీ భాగస్వామికి టిప్పులు కాక గంటకు సగటున 102 రూపాయలు వచ్చాయని, 2024లో అది 92 అని, రోజుకు 10 గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేస్తే సుమారు 26,500 రూపాయలు వస్తాయని, పెట్రోలుకూ బండి మరమ్మతుకూ 20 శాతం తీసేసినా దాదాపు 21,000 మిగులుతాయని ఆయన వివరించారు. ఆర్డరు కోసం వేచి ఉండే సమయాన్ని కూడా ఆ గంటల్లో కలిపామని చెప్పారు. మేము కలిసిన నలుగురూ ఆ సంస్థ వారని గాని కాదని గాని ఇక్కడ సూచించడం లేదు. బహిరంగంగా అందుబాటులో ఉన్న కొలమానం కాబట్టి దానితో పోల్చాం. పైన చెప్పిన వారంలో ఒక్క పెట్రోలు ఖర్చే సంపాదనలో 38 శాతం దాటింది. 20 శాతం అన్న అంచనా ఈ రైడరుకు ఆ వారం వర్తించలేదని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

మిగతా ముగ్గురి లెక్కలు ఒకే దారిలో లేవు. ఖర్చులు తీయకముందు గంటకు ఒకరికి 58, ఇంకొకరికి 71, మూడో వ్యక్తికి 83 రూపాయలు పడ్డాయి. 83 వచ్చిన యువకుడు డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి, సాయంత్రం 6 నుంచి రాత్రి 11 వరకే లాగిన్ అవుతాడు, ద్వారపూడి వైపు ఆర్డర్లు పడితే వద్దనుకుంటాడు. అతనికి ఈ పని మీద పెద్దగా ఫిర్యాదు లేదు. 58 వచ్చిన వ్యక్తికి ఇద్దరు పిల్లలు, ఇల్లు గడిచేది దీనితోనే, పొద్దున 8 గంటలకే లాగిన్ అవుతాడు. నచ్చినప్పుడు నచ్చినంతసేపు పనిచేసుకోవచ్చని కంపెనీలు చెప్పే మాట అబద్ధం కాదు. ఆ వెసులుబాటు విద్యార్థికి పనికొచ్చినట్టు ఇంటి పెద్దకు పనికి రావడం లేదు. మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు ఆర్డర్లు పడకపోయినా అతను పట్టణంలోనే ఉండాలి, ఎందుకంటే ఇంటికి పోయి రావడానికి మళ్లీ పెట్రోలే.

ఇన్సెంటివ్ విషయంలో నలుగురిదీ ఒకే అనుమానం. టార్గెట్‌కు ఒకటి రెండు ఆర్డర్ల దూరంలో ఉండగా యాప్ కావాలని ఆర్డర్లు ఆపేస్తుందని వారు నమ్ముతున్నారు. మీటరు ఫొటోల రైడరు 44 పనిదినాల వివరాలు పరిశీలిస్తే 9 రోజులు అతను అలా అంచున ఆగిపోయిన మాట నిజమే. అయితే ఆ తొమ్మిదింటిలో ఏడు రోజులు రాత్రి పదిన్నర తరువాతే ఆగిపోయాడు. ఆ వేళకు పట్టణంలో చాలా హోటళ్ల వంటగదులు మూసేస్తారు. యాప్ ఆర్డర్లను ఎలా పంచుతుందో కంపెనీ బయటపెట్టనంత కాలం ఆ అనుమానాన్ని నిరూపించడమూ కుదరదు, కొట్టిపారేయడమూ కుదరదు. మా దగ్గరున్న ఆధారాలు మాత్రం ఆ ఆరోపణ చేయడానికి చాలవు.

చాలామంది గమనించని మరో కోత టీడీఎస్. పేఅవుట్‌లో 1 శాతం చొప్పున ఆదాయపు పన్ను కింద పట్టుకుంటున్నారు. పన్ను పరిధిలోకి రానంత ఆదాయం ఉన్నవారు రిటర్ను దాఖలు చేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. నలుగురిలో ముగ్గురు ఇంతవరకు రిటర్ను వేయలేదు, ఒకరికి ఆ కోత ఏమిటో కూడా తెలియదు.

చట్టం వైపు చూస్తే, సామాజిక భద్రతా స్మృతి 2020 అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. గిగ్ కార్మికుడు, ప్లాట్‌ఫాం కార్మికుడు అన్న మాటలకు దేశంలో తొలిసారి చట్టబద్ధమైన నిర్వచనం ఇచ్చింది ఇదే. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, సామాజిక భద్రతా నిధికి జమ చేయాలని అది చెబుతోంది. ప్రయోజనాలు పొందాలంటే ఒకే కంపెనీలో ఏడాదికి 90 రోజులు, లేదా పలు కంపెనీల్లో కలిపి 120 రోజులు పనిచేసి ఉండాలని ముసాయిదా నిబంధనల్లో పెట్టారు. ఆరోగ్యం, ప్రమాద బీమా, వృద్ధాప్య రక్షణ ఈ నిధి కిందికి వస్తాయి. ఆర్డరుకు కనీసం ఎంత ఇవ్వాలన్నది గాని, వేచి ఉన్న సమయానికి చెల్లింపు గాని, తిరుగు ప్రయాణం గాని దాని పరిధిలో లేవు.

ఈ రైడర్లు పనిచేస్తున్న రెండు యాప్‌ల కంపెనీలకూ ఆరు ప్రశ్నలు పంపాం. ఒక సంస్థ నుంచి ఈ కథనం పూర్తయ్యే వరకు సమాధానం రాలేదు. రెండో సంస్థ ఈమెయిల్‌లో జవాబిచ్చింది. సంపాదన అనేది ఆర్డర్ల సంఖ్య, దూరం, సమయం, వాతావరణం మీద ఆధారపడి ఉంటుందని, భాగస్వాములందరికీ ప్రమాద బీమా ఉందని, ఆర్డర్లు పంచడంలో వివక్షకు తావు లేదని, దూరపు ఆర్డర్లకు అదనపు చెల్లింపు ఇప్పటికే ఉందని పేర్కొంది. అయిదు ప్రశ్నలకు జవాబు ఉంది. ఆర్డరు దింపాక తిరిగి వచ్చే దూరాన్ని చెల్లింపులో లెక్కిస్తారా లేదా అన్న ఆరో ప్రశ్నకు లేదు. ఆ ఒక్కటీ మళ్లీ పంపాం. మూడు రోజులకు ఒక వాక్యంలో సమాధానం వచ్చింది: ఇంతకుముందు ఇచ్చిన వివరణే వర్తిస్తుందని.