మైక్రోస్కోప్, స్పెక్ట్రోఫోటోమీటర్ వాడే విధానం: బీఎస్సీ మొదటి సంవత్సరం ల్యాబ్ నోట్స్, గుంటూరు

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ల కోసం మన ఇంగ్లీషు నోట్స్‌ని తెలుగులో రాశాను. స్కూలు పుస్తకాల్లో చదివిన ఆవర్ధనం, తరంగదైర్ఘ్యం అలాగే ఉంచాను. అబ్సార్బెన్స్‌ను మాత్రం మార్చలేదు. శోషణం అంటే కాంతిని పీల్చుకోవడం, అబ్సార్బెన్స్ అంటే దాన్ని కొలిచి చెప్పే అంకె. రెండింటికీ ఒకే మాట రాస్తే రికార్డులో తికమక పడతారు.

మైక్రోస్కోప్

ఐపీస్ 10X, ఆబ్జెక్టివ్ 40X అయితే మొత్తం ఆవర్ధనం 400 రెట్లు. కూడకండి, గుణించండి.

ఎప్పుడూ 4X తోనే మొదలుపెట్టండి. పెద్ద నాబ్ 4X, 10X దగ్గర మాత్రమే. 40X కి వచ్చాక చిన్న నాబే తిప్పాలి, లేకపోతే లెన్స్ తగిలి స్లైడు పగులుతుంది. 100X కి స్లైడు మీద ఒక చుక్క ఆయిల్ వేయాలి. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగి పక్కకు పోతుంది. ఆయిల్ వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగా, సుమారు 1.5 ఉంటుంది కాబట్టి ఆ కాంతి లెన్స్‌కు అందుతుంది. తర్వాత లెన్స్ పేపర్‌తోనే తుడవండి. చున్నీ, కర్చీఫ్ వద్దు, గీతలు పడతాయి.

స్పెక్ట్రోఫోటోమీటర్

ఆన్ చేసి 20 నిమిషాలు ఆగండి. దీపం నిలకడకు రాకముందు తీసిన రీడింగ్ పనికిరాదు.

ప్రొటీన్ కొలిచే బైయూరెట్ ప్రయోగానికి తరంగదైర్ఘ్యం 540 nm పెట్టండి. ద్రావణం ఊదాగా కనిపిస్తోందంటే ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటోందని అర్థం. 540 ఆ ఆకుపచ్చలోనిదే. మన మిర్చి రంగు కొలిచేవాళ్లు కారాన్ని అసిటోన్‌లో నానబెట్టి 460 nm దగ్గర చూస్తారు. ఎరుపు, నారింజ రంగు పదార్థాలు నీలి కాంతిని పీల్చుకుంటాయి మరి.

మిషన్‌ను సున్నా చేయడానికి పెట్టే బ్లాంక్‌లో ప్రొటీన్ తప్ప మిగతావన్నీ ఉండాలి. పోయిన ఏడాది ఒక బ్యాచ్ ఉత్త నీళ్లతో సున్నా చేసింది. రియాజెంట్ నీలం రంగు కూడా లెక్కలోకి వచ్చి గ్రాఫ్ మొత్తం పైకి జరిగింది. మూడు గంటల కష్టం వృథా అయ్యిందని ఆ పిల్లలు ఎంత బాధపడ్డారో చూశాను. అందుకే దయచేసి బ్లాంక్ విషయంలో తొందరపడకండి.

శాంపిల్ పోసే క్యూవెట్‌ను గరుకు వైపులు పట్టుకోండి. నున్నటి వైపుల గుండా కాంతి వెళ్లాలి. లోపల బుడగ ఉంటే వేలితో మెల్లగా తట్టండి. 340 nm కన్నా తక్కువకు గాజు క్యూవెట్ వాడొద్దు, క్వార్ట్‌జ్‌ది అడిగి తీసుకోండి.

```
A = log10(I0 / I)
```

A అబ్సార్బెన్స్, I0 లోపలికి వెళ్లిన కాంతి, I బయటికి వచ్చిన కాంతి. A విలువ 1 అయితే బయటికి వచ్చింది 10 శాతం, 2 అయితే 1 శాతమే. అంత కొద్ది కాంతిని మిషన్ సరిగ్గా కొలవలేదు కాబట్టి 0.1 నుంచి 1 మధ్య రీడింగ్‌లే తీసుకోండి. దాటితే శాంపిల్‌ను పలుచన చేసి, రియాజెంట్ కొత్తగా కలిపి మళ్లీ చూడండి. పది రెట్లు పలుచన చేస్తే చివర్లో జవాబును పదితో గుణించడం మరవొద్దు.

రికార్డులో తరంగదైర్ఘ్యం పక్కన nm రాయండి. అబ్సార్బెన్స్‌కు యూనిట్ లేదు. క్యూవెట్‌లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి టిష్యూ మీద బోర్లించి వెళ్లండి.