గాగుల్స్ ఒకటి, ఆటోమేటిక్ వాచీ ఒకటి (మారతహళ్లి, బెంగళూరు): బిల్లులు లేవు, చూసి తీసుకోండి

రెండూ నేను వాడినవే, విడివిడిగా ఇస్తాను. గాగుల్స్ 1,100 రూపాయలు, వాచీ 2,600.

బేరానికి ముందు ఒక మాట. రెండింటి మీదా పెద్ద కంపెనీల పేర్లున్నాయి. ఆ కంపెనీలే వాటిని తయారు చేశాయని చూపించడానికి నా దగ్గర బిల్లు లేదు, వారంటీ కార్డు లేదు, డబ్బా కూడా లేదు. అందుకని "ఒరిజినల్" అని రాయడం లేదు. "ఫస్ట్ కాపీ" అనీ రాయడం లేదు, ఎందుకంటే అదీ నాకు తెలియదు. వస్తువు మీద ఏముంది, నా చేతికి ఎలా వచ్చింది, ఇప్పుడు ఎలా ఉంది, ఈ మూడే రాశాను. ప్రకటన పెట్టేటప్పుడు బ్రాండ్ అడిగిన గడిలో "ఇతర" అనే నొక్కాను. కంపెనీ పేరుతో వెతికేవాళ్లకి ఇది కనబడకపోవచ్చు, కనబడకపోయినా నష్టం లేదు.

గాగుల్స్

బంగారు రంగు సన్నటి ఫ్రేము, ముదురు ఆకుపచ్చ అద్దాలు, నీటిబొట్టు ఆకారం. కుడి అద్దం పై మూల తెల్లటి అక్షరాల్లో "రే-బాన్" అని ఉంది. ఎడమ అద్దం అంచున, మడత దగ్గర, వెలుతురులోకి తిప్పితే తప్ప కనబడనంత చిన్నగా "ఆర్‌బీ" అని చెక్కి ఉంది. కాడ లోపలి వైపు "ఆర్‌బీ 3025" అనీ, 58, 14, 135 అనే అంకెలూ ఉన్నాయి. అవి మిల్లీమీటర్లు: అద్దం వెడల్పు, ముక్కు మీద అద్దాల మధ్య దూరం, కాడ పొడవు. స్కేలు పెట్టి కొలిస్తే సరిపోయాయి. కొంచెం పెద్ద ముఖానికి నప్పే సైజు. రెండో కాడ మీద "మేడ్ ఇన్ ఇటలీ" అని ఉంది. ఈ గుర్తులన్నీ నకిలీల మీదా వేస్తారు కాబట్టి వీటిని రుజువుగా చూపించడం లేదు. ఫొటోలో కనబడేదేంటో చెప్పడానికి రాశానంతే.

ఇవి మా చిన్న మామయ్య 2016లో కువైట్ నుంచి వస్తూ తెచ్చారు. ఏ షాపులో కొన్నారో ఆయనకే గుర్తులేదు. "అక్కడ అన్నీ మంచివేరా" అంటారు. ఆ మాట మీద మీరు డబ్బు పెట్టకండి.

లోపాలు: ఎడమ అద్దం కింది భాగంలో వెంట్రుకంత గీత, పెట్టుకున్నప్పుడు కంటికి అడ్డం రాదు. ముక్కు మీద ఆనే మెత్తల లోహం పచ్చబారితే మెత్తలు రెండూ మార్పించాను, కాబట్టి అవి వీటితో వచ్చినవి కావు. ఎడమ మడత స్క్రూ కూడా మార్చిందే. కుడి కాడ చివర పూత కొద్దిగా పోయింది. పోలరైజ్డ్ కాదు. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ స్క్రీన్ చూస్తూ తల వంచితే ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది. వీటితో ఎటు వంచినా నల్లబడలేదు.

కంటికి సంబంధించింది కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి. యూవీని ఆపని నల్ల అద్దాలు పెట్టుకోవడం కంటే అసలు పెట్టుకోకపోవడమే నయం. చీకటికి కంటిపాప పెద్దదై ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. ఇక్కడి కళ్లద్దాల షాపు మీటర్ మీద పెట్టించాను, ఆపుతున్నట్టు చూపించింది. కాగితం ఇవ్వలేదు, కాబట్టి అది నా నోటి మాటే. కొనేముందు మనం కలిసి ఏ షాపుకైనా వెళ్లి మీటర్ మీద పెట్టిద్దాం. ఆపడం లేదని తేలితే మీకే కాదు, ఎవరికీ అమ్మను. అదే షాపులో "ఇవి కంపెనీవేనా?" అని అడిగితే, బిల్లు లేనిదే ఏమీ చెప్పం అన్నారు.

బ్రౌన్ రంగు కేసు ఒకటుంది. దాని మీద కూడా అదే పేరుంది గానీ నేను విడిగా కొన్నది, కళ్లద్దాలతో వచ్చింది కాదు. పక్కన పెట్టి ఫొటో తీస్తే ఒక సెట్టులా కనిపిస్తుందని తియ్యలేదు. కావాలంటే ఊరికే ఇస్తాను.

వాచీ

నల్ల డయల్, 37 మిల్లీమీటర్ల కేసు, కీ నాలుగు అంకె దగ్గర. డయల్ మీద "సీకో", "5" గుర్తు, "ఆటోమేటిక్" అని ఉన్నాయి. వెనుక మూత గాజుది. లోపల తిరిగే రోటర్ మీద "21 జువెల్స్", "7ఎస్26" అని చదవొచ్చు. ఈ మిషన్‌కి చేత్తో కీ ఇవ్వడం ఉండదు, చేతికి పెట్టుకుంటేనే తిరుగుతుంది. టైమ్ మార్చడానికి కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు. అది రిపేరు కాదు, 7ఎస్26 తీరే అది. ఇదీ అలాగే నడుస్తోంది, కానీ అలా నడిచినంత మాత్రాన డయల్, ముళ్లు, కేసు అన్నీ ఒకే కంపెనీవని తేలదు.

మూత మీద ఆరంకెల నంబరు 64తో మొదలవుతుంది. సీకో లెక్కలో మొదటి అంకె సంవత్సరంలోని ఆఖరి అంకె, రెండోది నెల. ఆ లెక్కన 2006 ఏప్రిల్ కావచ్చు, 2016 ఏప్రిల్ కావచ్చు. ఎవరైనా మధ్యలో మూత మార్చి ఉంటే రెండూ కాకపోవచ్చు.

2021లో రూమ్ ఖాళీ చేసి విదేశం వెళ్తున్న స్నేహితుడి దగ్గర కొన్నాను. అతనూ సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాడు, అంతకుముందు చరిత్ర తెలియదు. మూత తీసి చూసిన వాచీ రిపేరాయన మిషన్ బాగుందన్నాడు గానీ డయల్ సంగతి తేల్చలేదు.

రోజుకి పాతిక సెకన్ల దాకా ముందుకెళ్తుంది. గాజు మీద 8 దగ్గర ఒక గీత ఉంది. తోలు బెల్టు 18 మిల్లీమీటర్లది, బయట కొన్నది. "వాటర్ రెసిస్ట్" అని రాసి ఉన్నా, మూత తెరిచాక ప్రెషర్ టెస్ట్ చేయించలేదు. చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసేయండి.

ధర, షరతులు

కొత్తవి షోరూంలో ఎంతో నేను రాయను, దయచేసి ఆ పోలికతో బేరానికి రాకండి. ఈ ధరలు కళ్లద్దాలకీ, నడిచే వాచీకీ వేసినవి, పేరుకి ఇందులో ఒక్క రూపాయి లేదు. వందా రెండొందలు తగ్గిస్తాను.

తీసుకున్న పది రోజుల్లోపు కంపెనీ షోరూం గానీ సర్వీస్ సెంటర్ గానీ నకిలీ అని రాసిస్తే, వస్తువు తెచ్చివ్వండి, మొత్తం డబ్బు ఇచ్చేస్తాను. ఈలోగా ఇంకెవరి ద్వారా అలా తేలినా ప్రకటన ఆ రోజే తీసేస్తాను. నకిలీ ట్రేడ్‌మార్కు ఉన్న వస్తువు అమ్మడం ట్రేడ్‌మార్కుల చట్టం, 1999, సెక్షన్ 104 కింద నేరం. ఇక్కడ కొని రేపు "జెన్యూన్" అని ఇంకొకరికి అంటగట్టే ఆలోచన ఉన్నవాళ్లు మెసేజ్ పెట్టొద్దు.

ఇచ్చేటప్పుడు ఇద్దరం ఒక చీటీ మీద సంతకం పెడదాం. అందులో ఇలా ఉంటుంది: "వాడిన వస్తువు. దీని మీద ఉన్న కంపెనీ పేరు నిజమైనదని అమ్మేవారు హామీ ఇవ్వలేదు. బిల్లు, వారంటీ లేవు. కొనేవారు చేత్తో చూసుకుని తీసుకున్నారు. పది రోజుల్లో నకిలీ అని రాతపూర్వకంగా తేలితే పూర్తి డబ్బు వాపసు."

ఫొటోలు బాల్కనీలో పగటి వెలుగులో తీసినవి, ఫిల్టర్ వాడలేదు. ఇంకా దగ్గరగా కావాలంటే పంపిస్తాను. "ఒరిజినలేనా అన్నా?" అని అడిగితే మాత్రం పైన రాసిందే జవాబు, ఫోన్లో కూడా మారదు.

కొరియర్ చేయను. శని, ఆదివారాలు ఉదయం కుందలహళ్లి మెట్రో స్టేషన్ దగ్గర కలుద్దాం. సిల్క్ బోర్డ్ దాటి రావాల్సినవాళ్లు బయల్దేరేముందు వీడియో కాల్‌లో ఒకసారి చూసుకోండి, ఆ ట్రాఫిక్‌లో వచ్చి నచ్చలేదంటే నాకే బాధగా ఉంటుంది. అడ్వాన్స్ తీసుకోను. చూసుకున్నాక యూపీఐ అయినా, నగదు అయినా సరే.