మహదేవ్‌పూర్ చేనేత దసలి పట్టుచీర (టస్సర్) – సహజ తేనె రంగు బాడీ, మెరూన్ అంచు, చారల కొంగు, బ్లౌజ్ పీస్‌తో

ధర: 9,400 రూపాయలు, పోస్టు ఖర్చు కలిపి.
చీర పొడవు 5.5 మీటర్లు, దానికి అతికే ఉన్న బ్లౌజ్ పీస్ 80 సెంటీమీటర్లు. వెడల్పు 46 అంగుళాలు. అంచు రెండు వైపులా 3 అంగుళాలు, కొంగు 30 అంగుళాలు. బరువు సుమారు 520 గ్రాములు. పడుగూ పేకా రెండూ దసలి పట్టే. జరీ లేదు.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్‌లో, మా ఇంటి గుంటమగ్గం మీద చేతి నాడెతో నేసిన చీర ఇది. దసలి పురుగును మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో పెంచరు. అడవిలో మద్ది చెట్ల మీదే వదిలి, పక్షులు, చీమలు తినకుండా కాపలా కాస్తారు. ఆకునూ వాననూ ఎండనూ బట్టి పట్టుకాయ రంగు మారుతుంది. ఒక చీరకు ఆరేడు వందల కాయలు పడతాయి. అన్నీ ఒకే రంగులో దొరకవు కాబట్టి, దారం తీశాక చిలపలను పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి రంగు కలిసినవాటినే ఒక చీరకు వాడతాం. అయినా కండె మారిన చోట ఒక పట్టీ వెంట్రుకవాసి లేతగానో ముదురుగానో కనిపించవచ్చు. బాడీకి రంగు వేస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది, కానీ ఈ తేనె రంగు కోసమే దసలి కట్టుకునేవాళ్లు ఉన్నారు. అందుకే బాడీకి రంగు వేయలేదు.

ఫొటోలో మెరూన్ మూడు రకాలుగా కనిపిస్తోందని చాలామంది అడుగుతున్నారు. కెమెరా తప్పు కాదు, నేతే అలాంటిది. అంచులో పడుగు పోగులు మెరూన్, వాటిని దాటే పేక తేనె రంగు, అందుకని అంచు కాస్త లేతగా ఉంటుంది. కొంగులో దానికి ఉల్టా: పడుగు తేనె రంగు, పేక మెరూన్, కాబట్టి రాగి ఛాయ వస్తుంది. అంచూ కొంగూ కలిసే రెండు మూలల్లో మాత్రం రెండు పోగులూ మెరూనే, అక్కడ రంగు చిక్కగా కనిపిస్తుంది. చీర చేతికి రాగానే ముందు ఆ మూల చూడండి. అసలు మెరూన్ ఎంత ముదురో అక్కడే తెలుస్తుంది.

కొంగులోని ఐదు చారలు ఘిచా దారంతో వేసినవి. పురుగు రెక్కలొచ్చి తొలుచుకుని బయటికి వెళ్లిపోయిన కాయల నుంచి తీసే దారం ఇది. ముక్కలు ముక్కలుగా వస్తుంది కాబట్టి లావుగా, ఉండలు ఉండలుగా ఉంటుంది. చేతికి గరుకుగా తగలడం దాని గుణం. గాజుల అంచుకు, సేఫ్టీ పిన్ను కొక్కేనికి మాత్రం ఈ చారలు తొందరగా చిక్కుకుంటాయి. పిన్ను చారల మధ్య సాదా భాగంలో పెట్టుకోండి. పోగు బయటికి లేస్తే కత్తిరించవద్దు, మొద్దు సూదితో వెనక వైపుకు లాగేయండి.

బాడీలో అక్కడక్కడా చిన్న ముడులు ఉంటాయి. దసలి పోగు తరచు తెగుతుంది, తెగినచోట ముడేసి నేస్తాం. అంచుల పొడవునా సన్నని సూది రంధ్రాల వరుస కూడా కనిపిస్తుంది. నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా పెట్టే కర్ర సూదుల గుర్తులవి. ఇవి లోపాలు కావు. చిల్లు, మరక, పేక తప్పి పడిన ఖాళీ గీత, వేలెడు కంటే పొడవుగా తెగిన పడుగు – వీటిలో ఏది ఉన్నా చీర మార్చి ఇస్తాం.

పట్టు అసలుదా కాదా అన్న అనుమానానికి చీరతో సిల్క్ మార్క్ ట్యాగ్ వస్తుంది. అది పట్టు స్వచ్ఛతకే హామీ, చేతి నేతకు కాదు. చేతి నేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ వేరుగా కుట్టి ఉంటుంది. మీరే చూసుకోవాలనుకుంటే కొంగు చివర వదిలిన పోగుల్లోంచి ఒకటి తీసి వెలిగించండి. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది పాలిస్టర్. రెండు మూడు వేలకు టస్సర్ పేరుతో అమ్మే చీరల్లో చాలావరకు ఈ పరీక్షకు నిలవవు.

కొత్తలో చీర బిరుసుగా ఉంటుంది, కుచ్చిళ్లు కాస్త ఉబ్బినట్టు నిలబడతాయి. నాలుగైదుసార్లు కట్టాక మెత్తబడి ఒంటికి ఒదుగుతుంది. ఫాల్ కాటన్‌దే వేయించండి, కానీ ముందు దాన్ని తడిపి ఆరబెట్టాలి. లేకపోతే తర్వాత ఫాల్ ముడుచుకుని అంచును గుంజుతుంది. బ్లౌజ్ బిగుతుగా కుట్టిస్తే చంక, వీపు కుట్ల దగ్గర పోగులు జరిగి బట్ట విచ్చుకుంటుంది. లైనింగ్ వేసి, కుట్టు లోపల అంగుళం బట్ట వదలమని దర్జీకి చెప్పండి. 80 సెంటీమీటర్లు మోచేతి వరకు చేతులకు సరిపోతాయి.

మొదటి రెండుసార్లు డ్రై క్లీనింగ్ చేయించడమే మంచిది. తర్వాత ఇంట్లో ఉతకాలంటే ముందు బ్లౌజ్ పీస్ చివర మెరూన్ అంచును తడిపి తెల్ల గుడ్డతో ఒత్తండి. గుడ్డకు రంగు అంటితే ఉతకవద్దు. అంటకపోతే చల్లని నీళ్లలో చెంచాడు షాంపూ కలిపి రెండు మూడు నిమిషాలు ఆడించి జాడించండి. పిండవద్దు, తడి చీరను మడిచి పెట్టవద్దు. మెరూన్ తేనె రంగు మీదికి దిగితే మళ్లీ పోదు. నీడలో ఆరేయండి. ఇస్త్రీకి నీళ్లు చిలకరిస్తే చుక్కలు మచ్చలై నిలిచిపోతాయి, కాబట్టి పైన పలుచని కాటన్ గుడ్డ పరిచి, పట్టుకు పెట్టే వేడితో తిరగవేసి చేయండి.

బతుకమ్మకు కట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. రంగు అద్దిన గునుగు పూలు తడిగా ఒంటికి ఆనితే ఆ రంగు బాడీకి దిగుతుంది. తాంబాలం కింద గుడ్డ పెట్టుకోండి. పసుపు పడితే సబ్బు పెట్టవద్దు, ఎర్రబడుతుంది. పొడి గుడ్డతో అద్ది నేరుగా డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. సెంటు చీర కట్టుకోకముందే కొట్టుకోండి. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ వద్దు, పాత కాటన్ గుడ్డలో చుట్టి రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే పోగు అక్కడే విరుగుతుంది.

ఒక పడుగు మీద ఆరు చీరలు దిగుతాయి. ఈ పడుగులో నాలుగు మిగిలి ఉన్నాయి. ఇవి అయిపోతే ఇదే రంగుకు పడుగు మళ్లీ వేయడానికి నెల పైనే పడుతుంది. బ్లౌజ్ పీస్ మీటరు కావాలన్నా, అంచు ఆకుపచ్చలో కావాలన్నా ఆ పడుగు వేయకముందే చెప్పాలి.

ఆర్డర్ వచ్చిన రెండో రోజు స్పీడ్ పోస్టులో పంపుతాం. హైదరాబాద్, వరంగల్‌కు సాధారణంగా రెండు మూడు రోజుల్లో అందుతుంది. యూపీఐ లేదా బ్యాంకు ద్వారా చెల్లించవచ్చు, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. మార్పిడికి గడువు చీర అందిన ఏడు రోజులు. ఫాల్ వేయకముందు, బ్లౌజ్ కత్తిరించకముందే పూర్తిగా విప్పి వెలుగులో చూసుకోండి. పగటి వెలుగులో తీసిన మరో ఫొటో కావాలంటే వాట్సాప్ బటన్ నొక్కి అడగండి, మీకు పంపబోయే చీరదే తీసి పంపుతాం.